ఏడో బొమ్మ మూలన మరక

కారం మేడమ్‌కి ఆ పేరు ఆవిడ దగ్గర చదువుకునే పిల్ల డాక్టర్లు పెట్టారు. పెట్టింది మేమేనని ఎవరూ ఒప్పుకోలేదు, ఆవిడా అడగలేదు. "నోట్లో కారం ఉంటే వచ్చిన నష్టమేం లేదు, కంట్లో పడకపోతే చాలు" అని ఊరుకుంది. కళ్ళతో బతికే మనిషి మరి. ఆసుపత్రిలో రక్తం జబ్బుల విభాగంలో ఆవిడకి రెండు పనులు. జబ్బు మనిషి తుంటి ఎముకలోంచి సూదితో లాగిన మూలుగని గాజుపలక మీద పల్చగా పూసి, రంగు పట్టించి తెస్తే, మైక్రోస్కోపులో చూసి ఏ జబ్బో చెప్పడం మొదటిది. ఆ చూడ్డం ఎలాగో పిల్ల డాక్టర్లకి నేర్పడం రెండోది. మొదటిదంటే ప్రాణం, రెండోదంటే ప్రాణసంకటం.

చూడ్డం ఆవిడకి చదువుతో రాలేదు, వాళ్ళమ్మ గుండీల కొట్లో వచ్చింది. జానెడు కొట్టు. గోడ నిండా గాజు సీసాలు, సీసాల నిండా గుండీలు. ఎవరో ఒకరు గుండీ ఊడిన చొక్కా పట్టుకొచ్చి, ఇలాంటిదే కావాలనేవాళ్ళు. చిన్నప్పుడు ఈవిడ గబుక్కున రంగు కలిసిన గుండీ తీసి ఇచ్చేసేది. వాళ్ళమ్మ నెత్తిన ఒక మొట్టికాయ వేసేది.

"రంగుదేముందే, రెండు ఉతుకులకి పోతుంది. అంచు చూడు, మందం చూడు, కన్నాలెన్నో చూడు. అన్నీ చూశాక అప్పుడు చెయ్యి పెట్టు."

ఆ మొట్టికాయలే చివరికి అన్నం పెట్టాయి. పెళ్ళయి వచ్చిన కొత్తలో అత్తగారు "మా కోడలు గుండీలమ్మాయి" అని చుట్టాల ముందు దెప్పేది. ఇప్పుడు అదే మాట గొప్పగా చెప్పుకుంటుంది. ఆవిడకీ నోరు తక్కువేం కాదు. కోడలు ఆసుపత్రి నుంచి మొహం ముడుచుకుని వస్తే, "ఏం అమ్మాయ్, ఇవాళ ఎవరి మొహాన పడింది నీ కారం?" అని అడిగి మరీ నవ్వుతుంది.

సాధారణంగా పడేది పెద్దసారు మొహానే. విభాగానికి పెద్ద ఆయన. ఇస్త్రీ చొక్కా, మెడలో టై, జేబులో తెర మీద ఎర్రచుక్క వేసే వెలుగు కర్ర. మైక్రోస్కోపు ముందు ఆయన కూర్చోవడం ఈ మధ్య చూసిన పాపాన పోయినవాళ్ళు లేరు. వంగితే నడుం పట్టేస్తుందట. దండ వేయించుకోడానికి ఎన్నిసార్లు వంగినా పట్టని నడుం అది. మైక్రోస్కోపు బదులు ఆయన దగ్గర ఒక బొమ్మల కట్ట ఉంది. స్లైడుల్లో అందంగా కనిపించిన చోట్లే ఫొటోలు తీయించి, నంబర్లేసి దాచుకున్నాడు. ఏ క్లాసు చెప్పినా ఆ బొమ్మలే, ఏ పరీక్ష పెట్టినా ఆ బొమ్మలే. పిల్లలందరికీ నూటికి తొంభై పైనే. పెద్దసారు దాన్ని తన బోధన అనుకునేవాడు. వండినవాడే వడ్డించుకుని, వాడే తిని, వాడే త్రేన్చినట్టు.

ఆ కట్టలో మహారాణి ఏడో బొమ్మ. తీవ్రమైన రక్త క్యాన్సరు వచ్చిన మనిషి మూలుగది. మధ్యలో ఒక పెద్ద కణం. దాన్నే బ్లాస్టు అంటారు, అంటే ఇంకా ఏదీ కాని, ఎదగాల్సిన వయసులో ఎదగకుండా పెరిగే పిల్ల కణం. కణం నిండా కేంద్రకమే, చుట్టూ నీలం రంగు పొర సన్నగా గాజు అంచులా. కేంద్రకం లోపల జల్లించిన పిండంత మెత్తగా, అందులో పాలిపోయిన ఒకటి రెండు గుండ్రటి చుక్కలు. ఆ నీలం పొరలో ఎర్రటి సూది ఒకటి. ఆయర్ రాడ్ అంటారు దాన్ని. అది ఉంటే ఆ బ్లాస్టు రక్త కణాల్లో మైలాయిడ్ అనే జాతిదని ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. ఇంతవరకూ బాగానే ఉంది. ఆ బొమ్మకి పైన కుడి మూలన ఒక మరక కూడా ఉంది. రంగు సరిగ్గా కడక్కపోతే మిగిలే మడ్డి. తోక తెగిన బల్లిలా ఉంటుంది.

ఒకరోజు క్లాసులో ప్రొజెక్టరు బల్బు కొడిగట్టిన దీపంలా ఉంది. తెర మీద అంతా ఊదారంగు మసక. ఏడో బొమ్మ వచ్చిందో లేదో, క్లాసంతా ఒక్కసారి లేచింది.

"బ్లాస్టు సార్! మైలోబ్లాస్టు!"

ముందు బెంచీలో ర్యాంకమ్మ లేచి నిలబడింది. పుట్టిన దగ్గర్నుంచీ ఫస్టు తప్ప ఇంకోటి రాని పిల్ల. "ఆయర్ రాడ్ స్పష్టంగా ఉంది సార్" అంది.

పెద్దసారు మొహం చాటంతయింది. వెనక కుర్చీలో కూర్చున్న కారం మేడమ్ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. సూది లేదు. ఆ వెలుతురులో కణం అంచే ఆనడంలేదు, సూది ఎక్కడ ఆనుతుంది? ఆనుతున్నదల్లా మూలనున్న బల్లి ఒక్కటే.

"తల్లీ, ఆ సూదేదో ఒకసారి వేలు పెట్టి చూపించు" అంది మేడమ్.

ర్యాంకమ్మ వెళ్ళి, తెర మీద మధ్యలో ఎక్కడో వేలు పెట్టింది. అలవాటు మీద పెట్టింది. వేలు సరైన చోటే పడింది, అదే విచిత్రం. కళ్ళు మూసుకుని సొంతింట్లో నీళ్ళకుండ దగ్గరికి నడిచినట్టు.

క్లాసయ్యాక మేడమ్ పెద్దసారుని వరండాలో పట్టుకుంది. "వీళ్ళు కణాన్ని చూడట్లేదండీ. మూలన బల్లిని చూసి జవాబు చెప్తున్నారు."

"మీకు పాయసంలో కూడా పురుగే కనిపిస్తుంది మేడమ్. రిజల్టు చూడండి. నూటికి నూరు."

"నూటికి నూరు మంది గుడ్డివాళ్ళయితే దాన్ని రిజల్టు అనకూడదండీ."

"కాలం మారింది. రేపు మైక్రోస్కోపులే ఉండవు. ఫోన్లో ఫొటో, ఫోన్లో జవాబు." అని ఆయన టై సర్దుకుని వెళ్ళిపోయాడు. అన్నట్టే విభాగానికి ఫోన్లో ఒక గ్రూపు పెట్టాడు. డ్యూటీలో ఉన్న పిల్ల డాక్టరు స్లైడులో తనకి నచ్చిన చోట ఫొటో తీసి అందులో పడెయ్యాలి, పెద్దసారు ఎక్కడున్నా చూసి బొటనవేలు బొమ్మ పెడతాడు. ఆ బొటనవేలే సంతకం.

మేడమ్ ఆ గ్రూపు నోరు నొక్కేసింది. ఫోను మోగదు, ఆవిడ చూడదు. "ఊరి చెరువంతా చూడకుండా చెంబుడు నీళ్ళు చూసి చేపలున్నాయో లేవో చెప్పే సంత అది. అందులో నేను కాలు పెట్టను" అని అత్తగారితో అంది.

"పెట్టకు. కాని చెంబులో చేప పడితేనో?" అంది అత్తగారు, కూరగాయలు తరుగుతూ.

"మీకు తెలీదు అత్తయ్యా, ఊరుకోండి."

"నాకేం తెలుసులే, నేను గుండీలమ్మాయికి అత్తని మాత్రమే."

ఆసుపత్రిలో మేడమ్‌కి నచ్చిన మనిషంటూ ఒకడుంటే అది లిఫ్టన్న. లిఫ్టులో స్టూలు మీద కూర్చుని మీటలు నొక్కే మనిషి. నలభై నిండలేదు. ఎక్కినవాళ్ళందరి సంగతులూ అతని కడుపులోనే. మేడమ్ ఎక్కితే చాలు, "ఇవాళ ఎన్నో అంతస్తులో తిట్లు మేడమ్‌గారూ?" అనేవాడు. "నాలుగులో. నువ్వు వినాలంటే తలుపు తెరిచి ఉంచు" అనేది ఆవిడ.

ఒకరోజు పొద్దున ఎక్కితే అతను నవ్వలేదు. రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. రుమాలు మీద ఎరుపు.

"ఏంటది?"

"చిగుళ్ళ నుంచి మేడమ్‌గారూ. వారం నుంచి ఒళ్ళు వెచ్చగా ఉంటే షాపులో బిళ్ళలు తెచ్చుకుని వేసుకున్నా. వాటి వేడేమో."

మేడమ్ అతని మోచెయ్యి పట్టుకుని చొక్కా చేతిని పైకి జరిపింది. చేతి నిండా కమిలిన మచ్చలు, ఎవరో పట్టుకుని నొక్కినట్టు. "మీటలు ఎవడో ఒకడు నొక్కుతాడు. నువ్వు ఇప్పుడే వెళ్ళి రక్తం ఇవ్వు. నేనన్నానని చెప్పు" అంది. అతను వెళ్ళాడు. రక్తంలో ప్లేట్‌లెట్లు అడుగంటాయని ఆ పూటే వార్డులో చేర్చుకున్నారు. మర్నాడు పొద్దున్నే మూలుగ తీశారు.

మూలుగ తీశారని మేడమ్‌కి తెలుసు. స్లైడు తన బల్ల మీదికే వస్తుందనుకుంది. ఆ వారం సంతకాల వంతు పెద్దసారుదన్న సంగతి ఆవిడకి తట్టలేదు. సాయంత్రం దాకా తన బల్ల మీదున్న స్లైడులు చూసుకుని ఇంటికెళ్ళింది. రాలేదంటే ఇంకా రంగు పట్టి ఉండదులే అనుకుంది.

ఆ తర్వాతి పొద్దున లిఫ్టులో ఎవరో కొత్త మనిషి కూర్చుని తప్పు మీట నొక్కాడు. వార్డున్న అంతస్తులో తలుపు తెరుచుకుంది. ఎదురుగా బెంచీ మీద లిఫ్టన్న భార్య. మేడమ్‌ని చూసి లేచి నిలబడింది.

"ఏమన్నారమ్మా?"

"క్యాన్సరు కాదన్నారు మేడమ్‌గారూ, దేవుడు చల్లగా చూశాడు. ఆ షాపు బిళ్ళలు పడక మూలుగ దెబ్బతిని మళ్ళీ తేరుకుంటోందంట. ఒకట్రెండు రోజులు చూసి పంపించేస్తామన్నారు." అని గొంతు తగ్గించింది. "కాని తెల్లారగట్ల నుంచి ముక్కులోంచి కూడా వస్తోంది. తేరుకుంటుంటే ఎక్కువవుతుందా అమ్మా?"

మేడమ్ మెట్లెక్కి నాలుగో అంతస్తుకి పోయింది. స్లైడుల పళ్ళెంలో వెతికి లిఫ్టన్నది తీసింది.

ఆవిడ ఎప్పుడూ ముందు చిన్న కటకంతోనే మొదలుపెడుతుంది. ఊరు చూశాక వీధి, వీధి చూశాక ఇల్లు. మూలుగ ముక్కలు కిక్కిరిసి ఉన్నాయి, కొవ్వుకి చోటు లేదు. దెబ్బతిని తేరుకునే మూలుగలో సందడి ఉంటుంది గాని, రకరకాల కణాల సందడి ఉంటుంది. ఇక్కడ అంతా ఒకే కులం. ముక్క వెనకాల, కణాలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా విడివిడిగా పరుచుకున్న పల్చటి చోటు పట్టుకుంది. చుక్క నూనె వేసి పెద్ద కటకం దించింది.

చూసి, "ఛీ" అంది. రోగాన్ని కాదు.

కణాల నిండా ఎర్రటి నూకలాంటి రేణువులు. ఎంత దట్టమంటే కేంద్రకం అంచే మునిగిపోయింది. ఆ కేంద్రకాలు కూడా గుండ్రంగా లేవు, మధ్యలో నొక్కుకుపోయి రెండు దళాలుగా మడత పడి ఉన్నాయి. పలక జరిపింది. అక్కడొకటి, ఇక్కడొకటి, లోపల ఎర్ర సూదులు. ఒక్కో సూది కాదు, గుత్తులు గుత్తులు. అడవిలోంచి మోపు కట్టి తెచ్చిన కట్టెల్లా.

ప్రోమైలోసైట్ల క్యాన్సరు. బ్లాస్టు కన్నా ఒక్క మెట్టు ఎదిగి అక్కడే ఆగిపోయిన కణాలవి. రక్త క్యాన్సర్లలో మందుకి ఎక్కువ లొంగేది ఇదే, మందు పడేలోపు మనిషిని వేగంగా చంపేదీ ఇదే. రక్తాన్ని గడ్డకట్టించే సరుకంతా ఒంట్లోనే కరిగిపోతుంది. ఈ పూట చిగుళ్ళు, రేపు ముక్కు, ఎల్లుండి తలలో.

మేడమ్ వార్డుకి ఫోను చేసింది. డ్యూటీ డాక్టరుకి ఊపిరి తీసుకునే సందు ఇవ్వలేదు. "లిఫ్టన్నది ప్రోమైలోసైటిక్. ఆట్రా గుళికలు ఇప్పుడే మొదలుపెట్టు. జన్యు పరీక్షకి శాంపిల్ పంపు, కాని దాని కోసం ఆగకు. ఫైబ్రినోజన్ చూడు, ప్లేట్‌లెట్లు ఎక్కించు, ప్లాస్మా తెప్పించు. సూదులు, గొట్టాలు అవసరం లేనివేవీ పెట్టకు. అర్థమైందా?"

"కాని మేడమ్, రిపోర్టులో పెద్దసారు..."

"పెద్దసారుతో నేను మాట్లాడతా. నువ్వు గుళిక మింగించు."

పెద్దసారు గదిలో కాఫీ తాగుతున్నాడు. మేడమ్ కూర్చోలేదు.

"లిఫ్టన్న స్లైడు చూశారా?"

"చూశాను. బ్లాస్టులు ఎనిమిది శాతం. ఇరవై లేనిదే తీవ్రమైన క్యాన్సరు అనకూడదని మీకు నేను చెప్పాలా? మిగతావన్నీ ప్రోమైలోసైట్లు. బిళ్ళలు వాడిన చరిత్ర ఉంది. తేరుకుంటున్న మూలుగ."

"స్లైడు చూశారా, ఫొటో చూశారా?"

"రెండూ ఒకటే కదా."

"పెళ్ళిచూపులూ కాపురమూ ఒకటైతే అవీ ఒకటే. లేచి రండి."

"ఫొటో పంపండి మేడమ్, చూస్తాను."

"పంపను. మీ కళ్ళు మీరే మోసుకు రండి."

ఆయన వచ్చాడు. వరండాలో పిల్ల డాక్టర్లు చూస్తున్నారు కాబట్టి వచ్చాడు. నడుం పట్టుకుని మైక్రోస్కోపు మీదికి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. ఆ మెడ వెనక నరం ఒకటి కొట్టుకోవడం మేడమ్ చూసింది. జాలి పడదామనుకుంది గాని రాలేదు.

ఆయన లేచి టై సర్దుకున్నాడు. "నాకూ ఎక్కడో అనుమానంగానే ఉండింది" అన్నాడు. "ఫొటో సరిగ్గా తియ్యలేదు ఆ పిల్ల."

ఇంట్లో దొంగలు పడితే కుక్కని తిట్టినట్టు. ఆయన వెళ్ళి రిపోర్టు మార్చాడు. తన బొటనవేలు సంగతి ఎత్తలేదు.

ఆ ఫొటోలు తీసిన ర్యాంకమ్మ పిలవకుండానే వచ్చి తలుపు దగ్గర నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రా తల్లీ, కూర్చో. ఎలా లెక్కపెట్టావు?" అంది మేడమ్.

"బ్లాస్టులు వేరే, ప్రోమైలోసైట్లు వేరే లెక్కపెట్టాను మేడమ్. ప్రోమైలోసైటు బ్లాస్టు కాదని పుస్తకంలో ఉంది."

"మంచి ప్రోమైలోసైటు కాదు. ఇవి మంచివా? వంగు. చూస్తూ చెప్పు. పేరు చెప్పకు, ఒళ్ళు చెప్పు. కేంద్రకం ఎలా ఉంది?"

"మడత పడి ఉంది. రెండు ముక్కల్లా."

"తేరుకునే మూలుగలో ప్రోమైలోసైటుకి కేంద్రకం గుండ్రంగా ఒక పక్కకి ఒదిగి ఉంటుంది. దాని పక్కనే తెల్లటి ఖాళీ ఒకటి, దిండు మీద తల ఆన్చిన గుంటలాగా. ఉందా ఇక్కడ?"

"లేదు మేడమ్. అంతా రేణువులే."

"ఇంకా జరుపు. ఇంకా. ఆఁ, అక్కడ. ఏంటవి?"

ర్యాంకమ్మ మర తిప్పి మసక పోయేదాకా చూసింది. "సూదులు. మోపులా ఉన్నాయి" అంది చివరికి.

"తేరుకునే మూలుగలో అవి చచ్చినా ఉండవు. ఇంకోటి. బిళ్ళల దెబ్బ నుంచి తేరుకునేవాడికి మామూలుగా ప్లేట్‌లెట్లు నిక్షేపంలా ఉంటాయి. వీడికి అడుగంటాయి. ఇలాంటి చెడ్డ ప్రోమైలోసైట్లని బ్లాస్టుల లెక్కలోనే వెయ్యాలి. అప్పుడు నీ ఎనిమిది ఎంతవుతుంది?"

"డెబ్భై దాటుతుంది."

"మరి నువ్వు ఏడో బొమ్మలో ఉన్నది వెతికావు. అది దొరకలేదు కాబట్టి క్యాన్సరు లేదన్నావు. బల్లి లేని గోడ చూసి ఇది ఇల్లే కాదన్నట్టు."

ఆ దెబ్బకి ర్యాంకమ్మ ఏడుస్తుందనుకుంది మేడమ్. ఆ పిల్ల ఏడవలేదు. మైక్రోస్కోపు మీంచి తలెత్తి సూటిగా చూసింది.

"నాకు అనుమానం వచ్చింది మేడమ్. సార్ని కాదని ఎవర్నడగాలో తెలీక నిన్న మధ్యాహ్నం గ్రూపులో మీ పేరు పెట్టి మరీ అడిగాను. సాయంత్రం దాకా చూశాను. మీరు చూడలేదు."

మేడమ్ ఫోను తీసింది. నోరు నొక్కేసిన ఆ గ్రూపులో పలకరింపులూ, అభినందనలూ, పెద్దసారు దండలూ దాటుకుంటూ కిందికి పోయింది. దొరికింది. మూడు ఫొటోలు, కింద ఒక వాక్యం. *కారం* అని రాయలేదు పాపం, *మేడమ్, ఈ ప్రోమైలోసైట్లు తేడాగా ఉన్నాయి, ఒకసారి చూస్తారా?* అని ఉంది. దాని కిందే పెద్దసారు బొటనవేలు.

మొదటి రెండు ఫొటోలు పనికిమాలినవి. మందంగా ఉన్న చోట తీసినవి, అంతా ముద్ద. మూడోదాంట్లో అంచున, ఫ్రేము సగానికి కోసేసిన ఒక కణం. ఆ సగం కణంలో కట్టెల మోపు. ఫోను మీద గోరంత. అయినా కనిపిస్తోంది. గుండీల కొట్లో మొట్టికాయలు తిన్న ఎవరికైనా కనిపిస్తుంది, ఫోను తెరిస్తే.

"తప్పు అడగలేదు నువ్వు" అంది మేడమ్ చివరికి. ఆవిడ నోట ఆ మాట అంత చిన్నగా రావడం ర్యాంకమ్మ అప్పుడే వినడం. "సరైన మనిషినే అడిగావు. ఆ మనిషి తలబిరుసుతో పడుకుంది."

ఆ సాయంత్రం ఇంట్లో అత్తగారు ఎవరి మొహాన పడింది కారం అని అడిగింది.

"నా కంట్లోనే పడింది అత్తయ్యా. చెంబులో చేప పడింది, నేను చెంబే చూడలేదు."

అత్తగారు నవ్వలేదు. పళ్ళెం ముందుకి జరిపి, "ఆ మనిషి బతుకుతాడా?" అంది.

"మందు పడింది. చూడాలి."

చూశారు. అవి మామూలు రోజులు కావు. ఒకసారి ముక్కు ఆగి, ఇంకోసారి చిగుళ్ళు మొదలై, సంచి మీద సంచి ప్లేట్‌లెట్లు ఎక్కిస్తూ ఉన్నారు. మేడమ్ రోజూ వార్డులో ఆగి, లిఫ్టన్న భార్యకి కనిపించి, ఏమీ తెలియనట్టు కేసు కాగితాలు చూసి పోయేది. జన్యు పరీక్ష ఫలితం వచ్చింది, మేడమ్ చెప్పిందే. అది చూసి పెద్దసారు గ్రూపులో *మన విభాగం సకాలంలో గుర్తించింది* అని రాశాడు. మేడమ్ దాన్ని చదివింది. ఇప్పుడు ఆవిడ అన్నీ చదువుతోంది, అదీ శిక్షే. జవాబుగా ఒక్క మాట రాసింది: *మన విభాగం అంటే ఎవరు సార్?* దానికి ఎవరూ బొటనవేలు పెట్టలేదు. కాసేపటికి ర్యాంకమ్మ ఒక్కతే పెట్టింది.

తర్వాత పరీక్షకి మేడమ్ తనే బొమ్మలు పెడతానంది. పెద్దసారు వద్దనలేకపోయాడు, ఆ రోజుల్లో ఆయన దేనికీ వద్దనట్లేదు. మేడమ్ ఏడో బొమ్మే తీసుకుంది. మూలనున్న మరక కత్తిరించింది, బొమ్మని తలకిందులు చేసింది, అంతే. కణం అదే, సూది అదే.

క్లాసు నిశ్శబ్దం. ఒకడు లింఫోసైటు అన్నాడు. ఇంకొకడు ఇది సిలబస్‌లో లేదు మేడమ్ అన్నాడు. వెనక బెంచీవాడు స్లైడు పాడైందన్నాడు.

"పాడైంది స్లైడు కాదు నాయనా" అంది మేడమ్. "పేరు చెప్పినవాళ్ళని బయటికి పంపేస్తా. ఒళ్ళు చెప్పండి. కణం ఎంత? పక్కనున్న ఎర్ర కణానికి ఎన్ని రెట్లు? కేంద్రకం ఎంత ఆక్రమించింది? లోపల ముద్దలు ముద్దలుగా ఉందా, జల్లించినట్టుందా? ఒట్టి కంటికి ఇది ఏ జాతి బ్లాస్టో తేలకపోతే తేలలేదని చెప్పండి, పరువేం పోదు. తేలనిదాన్ని తేల్చడానికి వేరే పరీక్షలున్నాయి. చూడకుండా తేల్చేవాడికే ఏ పరీక్షా లేదు."

ర్యాంకమ్మ చెయ్యెత్తి ఒక్కొక్కటే చెప్పింది. నెమ్మదిగా, తడుముకుంటూ. ఆఖర్న సూది చెప్పింది. ఈసారి వేలు పెట్టే ముందు తెర దాకా నడిచి వెళ్ళి, ముక్కు ఆనించినంత దగ్గరగా చూసి, అప్పుడు పెట్టింది.

తర్వాత వారంలో లిఫ్టన్న స్లైడు నుంచి బొమ్మలు తీయించి కట్టలో కలపాలని పెద్దసారు అన్నాడు. మంచి చోటు చూసి ఒక్కటి తియ్యమన్నాడు. మేడమ్ పది తీయించింది. ముద్దగా ఉన్నవి, చిరిగినవి, అంచున కోసుకుపోయినవి. ఆ కోసుకుపోయిన సగం కణాన్ని ముందు పెట్టించింది. "ఇంత అసహ్యంగా ఉందేంటి మేడమ్" అన్నాడు పెద్దసారు. "అసలు స్లైడులు ఇలాగే ఉంటాయి సార్. మీరు మర్చిపోయారు" అంది ఆవిడ.

లిఫ్టన్న తిరిగి స్టూలెక్కే సరికి సగానికి సగం అయ్యాడు. చొక్కా వేలాడుతోంది. మందులు ఇంకా ఉన్నాయి, వారం వారం రావాలి, కాని జబ్బు కనపడకుండా పోయిందని చెప్పారు. మేడమ్ ఎక్కగానే లేవబోయాడు.

"కూర్చో. నాలుగు."

"తెలుసు మేడమ్‌గారూ." అని మీట వెతికాడు. వెతకడం ఆవిడ చూసింది. ఆ మీట అతను పదేళ్ళుగా చూడకుండా నొక్కే మీట.

"కన్నెలా ఉంది?"

"ఎడమది కొంచెం తేడా. అప్పుడు లోపల రక్తం చిమ్మిందంట. మధ్యలో మరకలా ఉండిపోయింది. ఎటు చూసినా ముందు అదే వస్తుంది, దాని చుట్టూ మిగతాది చూసుకోవాలి. ఎప్పుడు చిమ్మిందో చెప్పలేమన్నారు. చేరకముందో, చేరాకో." అని నవ్వాడు. "పర్లేదు, రెండోది ఉంది కదా. మీ తిట్లు వినడానికి చెవులు రెండూ బాగానే ఉన్నాయి. ఇవాళ ఎవరికి?"

ప్రాణాలు కాపాడిన మేడమ్‌గారని అతను వార్డంతా చెప్పుకున్నాడు. ఆవిడ చెవినా పడింది. ఆ మధ్యాహ్నానికీ తర్వాతి పొద్దునకీ మధ్య ఆ కంట్లో ఏం జరిగిందో ఏ స్లైడూ చెప్పదు. ఆవిడకి తిట్టడానికి చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఒకావిడ లిఫ్టు అద్దంలో ఎదురుగా నిలబడి ఉంది.

నాలుగో అంతస్తు వచ్చింది. తలుపు తెరుచుకునేలోపే చేతిలో ఫోను మోగింది. గ్రూపులో ర్యాంకమ్మ, ఏదో కొత్త ఫొటో. మేడమ్ అక్కడే, లిఫ్టు గుమ్మంలో నిలబడి తెరిచింది. వేళ్ళతో పెద్దది చేసి, అంచుల దాకా జరిపి చూసింది. లిఫ్టన్న తలుపు మూసుకోకుండా మీట నొక్కి పట్టుకున్నాడు. పైనెవరో లిఫ్టు కోసం తలుపు బాదుతున్నారు. బాదనిచ్చారు ఇద్దరూ.

ఫొటో చూడ్డం అయ్యాక ఒక్క మాట కొట్టింది.

*స్లైడు పట్టుకురా. ఇప్పుడే.*